సేల్స్ నుంచి ప్రోడక్ట్ మేనేజ్‌మెంట్‌కి: నమ్మని ప్యానెల్ ముందు మీ అనుభవాన్ని ఎలా పెట్టాలి

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం లైన్లలో సేల్స్ చేస్తున్న తెలుగు కుర్రాళ్లు చాలామంది ప్రోడక్ట్ మేనేజర్ ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్నారు. వైజాగ్ నుంచో హైదరాబాద్ నుంచో పిలుపు వస్తుంది, మొదటి రౌండ్ దాటుతారు, ప్యానెల్ దగ్గర ఆగిపోతారు. నేనూ ఆ లైన్లలో తిరిగి ప్రోడక్ట్‌లోకి వచ్చినవాణ్నే. ఇప్పుడు ప్యానెల్ వైపు కూర్చుంటున్నాను. అవతలి నుంచి చూస్తే వీళ్లు ఆగిపోయే చోటు చాలా స్పష్టంగా కనిపిస్తుంది. వీళ్ల దగ్గర సరుకు ఉంది, కానీ దాన్ని సేల్స్ కథలా చెబుతున్నారు. ప్యానెల్‌కి కావలసింది ప్రోడక్ట్ కథ. ఈ రెంటికీ తేడా ఏమిటో, ఒకదాన్ని ఇంకోదానిగా ఎలా మార్చాలో ఒక కేసు పట్టుకుని చెబుతాను.

ముందుగా: వాళ్ల అనుమానం ఏమిటో తెలుసుకోండి

ప్యానెల్లో సాధారణంగా ప్రోడక్ట్ హెడ్, ఇంజనీరింగ్ మేనేజర్, ఒక డిజైనర్, కొన్నిసార్లు హెచ్‌ఆర్ ఉంటారు. మీరు బాగా మాట్లాడతారని, కస్టమర్లతో కలిసిపోతారని వాళ్లకు అనుమానం లేదు. సేల్స్ నుంచి వచ్చారంటే అది ఉంటుందనే అనుకుంటారు. కాబట్టి 'నాకు కస్టమర్ బాగా తెలుసు, కమ్యూనికేషన్ బాగుంటుంది' అని మొదలుపెడితే వాళ్లకు కొత్తగా తెలిసింది ఏమీ ఉండదు.

వాళ్ల భయం వేరు. 'క్లయింట్‌కి మాట ఇచ్చేశాను, నెలాఖరుకి ఈ ఫీచర్ కావాలి' అని సేల్స్ నుంచి వచ్చిన ఫోన్లు ఆ ఇంజనీరింగ్ మేనేజర్ ఎన్నో అందుకుని ఉంటారు. గట్టిగా అడిగిన కస్టమర్ మాటే వింటారని, సంతకం పడగానే పని అయిపోయిందనుకుంటారని, నలుగురు అన్నదాన్ని నాలుగు వందల మంది మాటగా చెబుతారని ఆయన మనసులో ఉంటుంది. మీరు చెప్పే ప్రతి వాక్యాన్నీ ఈ మూడు అనుమానాల మీద పెట్టి చూస్తారు.

అందులో ఎక్కువ జాగ్రత్త పడవలసింది అబ్జెక్షన్ హ్యాండ్లింగ్ విషయంలో. సేల్స్‌లో మనకు అది పెద్ద విద్య. కొట్టువాడు 'వద్దు' అంటే, ఆ వద్దుని దాటించడమే పని. రెజ్యూమేలో గొప్పగా రాసుకుంటాం కూడా. ప్రోడక్ట్ పనిలో అదే అలవాటు అడ్డం పడుతుంది. అక్కడ 'వద్దు' అన్న మాటను దాటించకూడదు, దాని వెనక ఏముందో తెలిసేదాకా అక్కడే నిలబడాలి. 'నేను అభ్యంతరాలను ఎదుర్కోగలను' అని చెప్పేవాళ్ల కంటే, 'ఈ అభ్యంతరాన్ని దాటించడం ఆపి, రాసుకోవడం మొదలుపెట్టాను' అని చెప్పగలిగినవాళ్ల వైపు ప్యానెల్ తల ఎత్తి చూస్తుంది.

రెండో పని: కేసు ఎంచుకోండి, అది మీ పెద్ద డీల్ కాకూడదు

అందరూ చేసేది, టార్గెట్ మీద నూట ఇరవై శాతం కొట్టిన క్వార్టర్ గురించి చెప్పడం. ఆ కథ సంతకం దగ్గర ముగుస్తుంది. ప్రోడక్ట్ కథ సంతకం తర్వాత మొదలవుతుంది. తీసుకున్నవాళ్లు వాడుతున్నారా, మానేశారా, ఎందుకు మానేశారు అన్నదే ఆ కథ.

కాబట్టి మీ నోట్సులో, కాల్ రిజిస్టర్లో, జ్ఞాపకంలో మూడు రకాలు వెతకండి: తీసుకుని మానేసినవాళ్లు, చివరిదాకా వచ్చి వెనక్కి పోయినవాళ్లు, మీరే 'ఇది మీకు పనికిరాదు' అని చెప్పి వదిలేసినవాళ్లు. వీటిలో మొదటిది అన్నిటికంటే బలమైనది, ఎందుకంటే వాళ్లు డబ్బు పెట్టో టైమ్ పెట్టో ఒకసారి నమ్మారు.

ఒక హద్దు పాటించండి. పాత కంపెనీ స్క్రీన్‌షాట్లు, కస్టమర్ల పేర్లు, ధరల పట్టికలు బయటికి తేకండి. ఊరు, వ్యాపారం రకం, విడి లెక్కలు చాలు. ఇవాళ పాత కంపెనీ కాగితాలు చూపించినవాడు రేపు మన కాగితాలు ఇంకొకరికి చూపిస్తాడని ప్యానెల్ అనుకుంటుంది. అది న్యాయమే.

మూడో పని: కేసును మళ్లీ తవ్వండి

ఇక్కడ మా గుణుపురం కుర్రాడి కేసు చెబుతాను. నాకు తమ్ముడి వరుస. కిరాణా కొట్లు హోల్‌సేల్ ఏజెన్సీకి ఫోన్లోనే ఆర్డర్ పెట్టుకునే యాప్ అమ్మేవాడు. గుణుపురం టౌన్లోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ కలిపి 40 కొట్లు ఎక్కించాడు. నెల తిరిగేసరికి యాప్‌లో ఆర్డర్ పెడుతున్నవి 11. మిగతావాళ్లు మళ్లీ ఏజెన్సీకి ఫోన్ కొడుతున్నారు.

ఎందుకు మానేశారని అడిగితే ఎక్కువమంది చెప్పింది ఒకటే: యాప్ ఇంగ్లీషులో ఉంది, ఒడియాలోనో తెలుగులోనో పెట్టండి. ఆ ఊళ్లో ఇది చాలా సహజంగా వినిపించే కారణం. ఇంట్లో తెలుగు, గిరాకీతో ఒడియా మాట్లాడే కొట్లే ఎక్కువ. ఇతనూ మేనేజర్‌కి అదే రిపోర్ట్ రాశాడు. ఇక్కడితో ఆగితే అది మామూలు సేల్స్ ఫీడ్‌బ్యాక్.

తర్వాత చేసిన పనే ఉద్యోగం తెచ్చింది. మానేసిన ఒక కొట్టులో కూర్చుని, ఆయన ఆర్డర్ పెట్టే వేళకి ఏం చేస్తాడో చూశాడు. ఆ కొట్టాయన ఏజెన్సీ గుమాస్తాకి ఫోన్ చేశాడు. మొదట అడిగింది పాత బాకీ ఎంతుందని. రెండోది బండి ఎప్పుడొస్తుందని. ఆ తర్వాతే, ఎలాగూ లైన్లో ఉన్నాడు కాబట్టి, 'నూనె రెండు డబ్బాలు, పప్పు ఒక బస్తా' అని ఆర్డర్ చెప్పేశాడు. యాప్ సంగతి ఎత్తితే ఆయన అన్నది ఇదీ: "ఏటి బాబూ, బాకీ ఎంతుందో తెలీకుండా సరుకెలా పెట్టమంటావు? ఎక్కువ పెడితే బండోడు దించడు, మళ్లీ నాకే అవమానం."

అంటే అరువు హద్దు దాటితే సరుకు వెనక్కి పోతుంది. ఆ భయం తీరాలంటే ఫోన్ చేయాలి. ఫోన్ చేశాక యాప్‌తో పని లేదు. యాప్ తెలుగులో ఉన్నా ఆయన ఫోనే చేసేవాడు.

ఇది ఒక కొట్టులో చూసిన సంగతి. ఒక్క కొట్టు చూసి తేల్చేస్తే, ప్యానెల్ పెట్టుకున్న మూడో అనుమానాన్ని మనమే నిజం చేసినట్టు. అందుకని 40 కొట్లనూ రెండుగా విడదీశాడు. రొక్కానికి కొనేవి 9, అరువు మీద కొనేవి 31. నెల తర్వాత కూడా యాప్ వాడుతున్నవి రొక్కం కొట్లలో 8, అరువు కొట్లలో 3. భాషే కారణమైతే రెండు గుంపుల్లోనూ మానేసినవాళ్లు దాదాపు ఒకే వంతున ఉండాలి. అలా లేరు.

ఇక్కడ తెలివైన ప్యానెల్ సభ్యుడు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. రొక్కం కొట్లు టౌన్లోవి కదా, బండి రోజూ వస్తుంది కదా, అందుకే వాడుతున్నారేమో? ఇతను ముందే చూసుకున్నాడు. టౌన్లోనే ఉన్న అరువు కొట్లు 12, వాటిలో వాడుతున్నవి 2. పల్లెల్లో ఉన్న రొక్కం కొట్లు 4, వాటిలో వాడుతున్నవి 3. బండి సౌకర్యం ఉన్నచోట కూడా అరువు కొట్లు మానేశాయి, లేనిచోట కూడా రొక్కం కొట్లు వాడాయి. లెక్క చిన్నదే, ఆ మాట అతనే చెప్పాలి. కానీ ఎటు చూడాలో చెప్పడానికి అది చాలు.

మీ కేసులో కూడా ఇదే పని చేయండి. కస్టమర్ అడిగింది ఒక కాలమ్‌లో, ఆ క్షణంలో నిజంగా చేసింది ఇంకో కాలమ్‌లో రాయండి. రెండూ కలవని చోటే మీ కథ ఉంటుంది. తర్వాత మీ వివరణ నిజమైతే ఏ గుంపు వేరుగా ప్రవర్తించాలో రాసుకుని, అలా ఉందో లేదో లెక్కపెట్టండి. అలా లేకపోతే కథ మార్చుకోండి, లెక్క మార్చకండి.

నాలుగో పని: కోడ్ లేకుండా ఏం పరీక్షించారో, ఎక్కడ ఆగారో చెప్పండి

అతను ఇంజనీర్లను ఏమీ అడగలేదు. గుమాస్తాతో మాట్లాడి, మానేసిన 28 అరువు కొట్లలో 10 కొట్లకు రోజూ సాయంత్రం వాట్సాప్‌లో బాకీ, ఇంకా ఎంతకి సరుకు పెట్టవచ్చో పంపే ఏర్పాటు చేశాడు. మూడు వారాల్లో ఆ పదిలో 6 కొట్లు మళ్లీ యాప్‌లో ఆర్డర్ పెట్టాయి. మిగతా 18లో తిరిగొచ్చింది ఒకటి.

ఇది వినగానే సంబరపడి 'నిరూపించాను' అనేస్తే ఇంజనీరింగ్ మేనేజర్ అక్కడే పట్టుకుంటారు. రోజూ మెసేజ్ వస్తే యాప్ గుర్తొస్తుంది. మరి పని చేసింది బాకీ అంకెనా, గుర్తుచేయడమా? పైగా ఆ పది కొట్లనూ గుమాస్తానే ఎంచాడు, లెక్క సరిగ్గా నడిచే ఖాతాలని. ఈ రెండు లోపాలూ మీరే ముందు చెప్పండి. బాకీ లేకుండా ఉత్త మెసేజ్ ఇంకో పదింటికి పంపి చూస్తే తేడా తెలిసేదని, అది చేయలేదని, అందుకే ఈ ఫలితాన్ని పట్టుకుని మూడు నెలల ఇంజనీరింగ్ పని అడగనని, యాప్‌లో బాకీ చూపించే చిన్న ముక్క మాత్రమే అడుగుతానని చెప్పండి.

ఆ చిన్న ముక్క కూడా తిన్నగా సాగేది కాదు. ఏజెన్సీలు వసూళ్లను లెక్కల సాఫ్ట్‌వేర్‌లో వెంటనే ఎక్కించవు, రెండు మూడు రోజులు ఆలస్యమవుతుంది. నిన్న డబ్బు కట్టిన కొట్టాయనకి ఇవాళ యాప్‌లో పాత బాకీ కనిపిస్తే గొడవే. ఏజెన్సీ యజమానికి ఆ భయం ఉంది, అందుకే బాకీ చూపించడానికి ఒప్పుకోడు. కాబట్టి అంకె పక్కన 'ఫలానా తేదీ వరకు' అని ఉండాలి, తర్వాత కట్టిన డబ్బు వేరే వరుసలో కనిపించాలి. ఈ ఒక్క వివరం చెప్పేసరికి ప్యానెల్లో ఇద్దరు నోట్‌బుక్ తీశారని అతను నాతో చెప్పాడు. సేల్స్‌లో తిరిగినవాడికి తప్ప ఇది తెలియదు. మీ అనుభవం విలువ ఇలాంటి చోట్ల బయటపడుతుంది.

ఐదో పని: మూడు నిమిషాల్లోకి దించండి

ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే జరుగుతుంది. అయినా మొదట తెలుగులో చెప్పి చూసుకోండి, తర్కం తెగే చోటు వెంటనే తెలుస్తుంది. 'సేల్స్ నుంచి ఏం తెస్తున్నారు?' అని అడిగినప్పుడు అతను చెప్పిన జవాబు దాదాపు ఇలా నడిచింది:

"ఒక కేసు చెబుతానండి. కిరాణా కొట్లకు ఆర్డర్ యాప్ అమ్మాను. 40 కొట్లు చేరాయి, నెల తర్వాత 11 వాడుతున్నాయి. వాళ్లు భాష మార్చమన్నారు. నేనూ మొదట అదే రాశాను. తర్వాత ఆర్డర్ పెట్టే వేళకి పక్కన కూర్చుని చూస్తే, వాళ్లకు ముందు కావలసింది పాత బాకీ. దానికోసం ఫోన్ చేస్తున్నారు, ఆ ఫోన్లోనే ఆర్డర్ చెప్పేస్తున్నారు. అరువు కొట్లు 31లో 3 వాడుతున్నాయి, రొక్కం కొట్లు 9లో 8 వాడుతున్నాయి. టౌను, పల్లె విడదీసి చూసినా అదే వరుస. పది కొట్లకు చేత్తో బాకీ పంపి చూశాం, ఆరు తిరిగొచ్చాయి. మెసేజే గుర్తు చేసిందా అన్న సందేహం ఇంకా ఉంది. నన్నడిగితే భాష మార్పును వాయిదా వేసి, తేదీతో సహా బాకీ చూపించడం ముందు చేస్తాను. నెల తర్వాత అరువు కొట్లలో కనీసం మూడో వంతు యాప్ వాడకపోతే నా అంచనా తప్పని ఒప్పుకుంటాను."

ఇందులో 'కమ్యూనికేషన్', 'ఎంపతీ' అన్న మాటలు ఎక్కడా లేవు. వినే స్వభావం, లెక్క, 'ముందు ఇది, తర్వాత అది' అన్న నిర్ణయం, తప్పని తేలే షరతు అన్నీ కేసులోనే ఉన్నాయి. చివరి వాక్యం ముఖ్యం. నెలనెలా ఒక అంకెకు మాట ఇచ్చి, దానికి జవాబు చెప్పుకోవడం సేల్స్‌వాడికి అలవాటు. ఆ అలవాటు ఇలా బయటపడితేనే ప్యానెల్‌కి కనిపిస్తుంది.

ఆరో పని: గుచ్చే ప్రశ్నలకు సిద్ధపడండి

అతన్ని ఇంజనీరింగ్ మేనేజర్ అడిగారు: "మీ పెద్ద ఏజెన్సీ యజమాని ఫోన్ చేసి, ఒడియా యాప్ వచ్చే నెలకి లేకపోతే మానేస్తానంటే ఏం చేస్తారు?" ఇక్కడ 'ఆయనకి నచ్చజెబుతాను' అంటే సేల్స్‌లోకి జారిపోయినట్టే. 'కుదరదని చెప్పేస్తాను' అన్నా నమ్మరు. అతని జవాబు: "మానేస్తానన్నది భాష కోసమో, ఇంకేదైనా కోపమో ముందు కనుక్కుంటానండి. ఆయన కింద కొట్లు ఎన్ని, వాటిలో ఇంగ్లీషు చదవలేక మొదటి రోజే ఆగిపోయినవి ఎన్ని అని చూస్తాను. మొదటి రోజు ఆగిపోయినవాళ్లకు భాష నిజంగానే అడ్డు. ఆ లెక్క పెద్దదైతే నా వరుస మారుస్తాను. చిన్నదైతే ఎందుకు వెనక పెట్టామో, ఎప్పుడు మళ్లీ చూస్తామో ఆయనకి చెబుతాను. ఇంజనీరింగ్‌తో మాట్లాడకుండా మాత్రం తేదీ ఇవ్వను."

ఇంకో ప్రశ్న దాదాపు తప్పదు: "మీరు కలిసినవాళ్ల గురించే చెబుతున్నారు. కలవనివాళ్ల సంగతి?" ఇది సేల్స్ అనుభవంలో ఉన్న అసలు లోపం. మన బీట్‌లో ఉన్న కొట్లే మనకు తెలుసు. కొనే స్తోమత ఉన్నవాళ్ల దగ్గరే ఎక్కువ కూర్చుంటాం. పైగా మనం అమ్మడానికి వచ్చామని తెలిసి మర్యాదకి 'బాగుంది' అంటారు. దీన్ని ఒప్పుకుని, ఎలా సరిచూస్తారో చెప్పండి: వాడకం డేటా, సపోర్ట్‌కి వచ్చిన ఫోన్లు, సేల్స్ అసలు వెళ్లని ఊళ్లు.

రాని పనుల గురించి తిన్నగా చెప్పండి

సేల్స్ నుంచి రానివి రెండున్నాయి: ఇంజనీర్ చదివి పని మొదలుపెట్టగలిగేలా స్పెక్ రాయడం, డేటాని ఎవరి సాయం లేకుండా తీయడం. 'త్వరగా నేర్చుకుంటాను' అంటే చాలదు. ఇంటర్వ్యూకి ముందే మీ కేసు మీద రెండు పేజీల స్పెక్ రాసి, తెలిసిన ఇంజనీర్‌కి ఇచ్చి, ఆయన ఎర్ర సిరాతో అడిగిన ప్రశ్నలతో సహా దగ్గర పెట్టుకోండి. బాకీ చూపించే స్పెక్‌లో మొదటి ఎర్ర గీత 'డబ్బు కట్టి, ఎంట్రీ పడకముందు ఆర్డర్ పెడితే?' అన్నదాని కిందే పడుతుంది.

డేటాకి కూడా పెద్ద కోర్సులు అక్కర్లేదు. మీ కొట్ల పట్టికను పేర్లు తీసేసి ఒక షీట్‌లో పెట్టి, దాన్ని shops అనే టేబుల్‌గా ఏదైనా SQL టూల్‌లోకి ఎక్కించి, పైన చెప్పిన విభజన మీ చేత్తో రాగలగాలి:

```sql
SELECT pay_type, area,
       COUNT(*) AS shops,
       SUM(active_day30) AS active
FROM shops
GROUP BY pay_type, area;
```

ఇందులో active_day30 అంటే నెల తర్వాత వాడుతుంటే 1, లేకపోతే 0. ఈ ఐదు వరుసలు మీరే రాసి, వచ్చిన పట్టికను మీరే వివరిస్తే, 'డేటా రాదేమో' అన్న అనుమానం సగం తగ్గుతుంది.

చివరగా: మీరు వాళ్లను అడగవలసింది

సేల్స్ నుంచి వచ్చినవాళ్లకు ప్రోడక్ట్ మేనేజర్ అని పేరు పెట్టి, నిజానికి డెమోలు ఇప్పించే ఉద్యోగాలు కొన్నిచోట్ల ఇస్తారు. చేరాక తెలిస్తే రెండేళ్లు పోతాయి. ఇన్సెంటివ్ కూడా పోయి ఉంటుంది. అందుకే మీ వంతు వచ్చినప్పుడు మూడు అడగండి: పోయిన రెండు రిలీజుల్లో ఏం చేయాలో ఎవరు తేల్చారు, ఆ స్పెక్ ఎవరు రాశారు, ఈ పోస్ట్‌లో ఉన్నవాళ్లు ఎవరికి రిపోర్ట్ చేస్తారు. జవాబుల్లో ఫౌండర్ పేరో, సేల్స్ హెడ్ పేరో మాత్రమే మళ్లీ మళ్లీ వస్తే, ఆ కుర్చీలో నిర్ణయాలు లేవని అర్థం. ఒక ప్రోడక్ట్ మేనేజర్ ఏదో ఒకటి వద్దని ఆపిన సందర్భం వాళ్లు చెప్పగలిగితే, అక్కడ చేరడం గురించి ఆలోచించవచ్చు. మా తమ్ముడు మొదట వచ్చిన ఆఫర్‌ని ఈ కారణంతోనే వదిలేశాడు, రెండోదాంట్లో చేరాడు.